ఎనిమిదో నంబరు కుర్చీ

సాయంత్రం నాలుగున్నరకి బడి గంట కొడితే, నాలుగూ నలభైకి నా షాపు ముందు సైకిళ్లు పడేవి. స్టాండు వేసే ఓపిక ఎవడికీ ఉండేది కాదు. ఒకదాని మీద ఒకటి పడేసి, చెప్పులు గుమ్మంలో వదిలేసి, బ్యాగులు నా కౌంటర్ కింద తోసి లోపలికి ఉరికేవాళ్లు. ఎనిమిది కంప్యూటర్లు. పిల్లలేమో పది మంది, పదకొండు మంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా వల్లే ఇప్పుడు చెప్పబోయేదంతా జరిగింది.

మాది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. 2006లో స్టేషన్ రోడ్డుకి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకుని నెట్ సెంటర్ పెట్టాను. పెంటియం 4 మెషీన్లు, 256 ఎంబీ ర్యామ్, పదిహేను అంగుళాల డబ్బా మానిటర్లు. బీఎస్ఎన్ఎల్ లైను 256 కేబీపీఎస్. దాన్నే ఎనిమిదింటికీ పంచాలి. పొద్దున పూట రైలు టికెట్లు, దరఖాస్తులు, ఫలితాల రోజుల్లో తోపులాట. మధ్యాహ్నం ఈగలు. నాలుగూ నలభై నుంచి ఆరు దాకా మాత్రం షాపు నాది కాదు, వాళ్లది.

ఆడేది కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్లు తుపాకులతో కాల్చుకునే ఆట, ఒక జట్టు బాంబు పెట్టాలి, ఇంకో జట్టు ఆపాలి. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. నా కౌంటర్ మీదున్న ఒకటో నంబరు మెషీన్‌లో సర్వర్ మొదలుపెడితే, మిగతా ఏడూ, కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ డబ్బా ద్వారా దానికే తగులుకునేవి. మ్యాప్ ఎప్పుడూ de_dust2. వేరేది పెడితే ఒప్పుకునేవాళ్లు కాదు. నాతో కలిపి ఎనిమిది మంది కాదు సుమా, ఒకటో నంబరు కూడా వాళ్లే లాక్కునేవాళ్లు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రిజిస్టర్ రాసుకోవాలి. గేములకి గంటకి పది రూపాయలు, నెట్‌కి ఇరవై.

డబ్బులు అందరి దగ్గరా ఉండేవి కావు. పదకొండు మందిలో ఆరుగురు ఇస్తే మహా గొప్ప. చిల్లర కుప్పగా పోసి, "అన్నా, లెక్కపెట్టుకో" అనేవాళ్లు. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో నేను అడిగేవాడిని కాదు. నాకు కావలసింది ఎనిమిది మెషీన్లకి ఎనభై. అరవయ్యో డెబ్బయ్యో వచ్చేది, సర్దుకునేవాడిని.

మరి కుర్చీ దొరకని ముగ్గురి సంగతి? దానికి వాళ్లే ఒక చట్టం పెట్టుకున్నారు. చస్తే లేవాలి. ఈ ఆటలో ఒక రౌండులో చచ్చినవాడు ఆ రౌండు అయ్యేదాకా బతకడు, ఊరికే చూస్తూ కూర్చోవాలి. ఆ చూసేదేదో నిలబడి చూడు, నీ కుర్చీలో వెనకవాడు కూర్చుంటాడు, వచ్చే రౌండు వాడిది. క్యూ గోడ వెంబడే. ఎవడు ముందు చస్తే వాడి కుర్చీ క్యూలో మొదటివాడిది. ఇంత న్యాయమైన పద్ధతి పెద్దవాళ్లు నడిపే ఏ క్యూలోనూ నేను చూడలేదు.

అలాగని గొడవలు లేవని కాదు. మొదటి గొడవ డబ్బుల గురించి, నా పది రూపాయలు కాదు, ఆటలో డబ్బులు. ఆటలో ఒక్కొక్కరికి 800 డాలర్లతో మొదలవుతుంది. చంపినందుకు, గెలిచినందుకు పెరుగుతుంది. ఒకడు మూడు నాలుగు రౌండ్లు చిన్న పిస్తోలుతో నెట్టుకొచ్చి ఐదు వేలు కూడబెడతాడు. చస్తాడు. లేస్తాడు. వెనకవాడు కూర్చుని ఆ డబ్బుతో 4750 పెట్టి AWP కొనేస్తాడు, దూరంగా ఉన్నవాణ్ణి ఒక్క గుండుతో పడగొట్టే తుపాకి అది. కొని, దానితో ఒక్కణ్ణీ కొట్టకుండా పది సెకన్లలో చస్తాడు. "నా డబ్బులురా అవి!" అని మొదటివాడు జుట్టు పీక్కునేవాడు. పొలం అమ్మేసిన కొడుకుని చూసి తండ్రి కూడా అంత బాధపడడేమో.

రెండో గొడవ చచ్చినవాళ్ల నోళ్లు. చచ్చి లేచినవాడు వెనక నిలబడి అందరి తెరలూ చూస్తాడు కదా, ఆగలేక "లాంగ్‌లో ఉన్నాడ్రా! డబ్బా వెనక!" అని అరిచేస్తాడు. లాంగ్ అంటే ఆ మ్యాప్‌లో పొడుగాటి దారి. అందుకని ఇంకో చట్టం వచ్చింది. చచ్చినోడు మాట్లాడకూడదు. మాట్లాడితే ఒక వంతు పోతుంది. బాంబు పెట్టాక పేలడానికి నలభై ఐదు సెకన్లు. ఆ నలభై ఐదు సెకన్లలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నిలబడే ఆ ముగ్గురినీ చూస్తే నాకు ఆట చూడాలనిపించేది కాదు, వాళ్లనే చూడాలనిపించేది.

క్యూలో రోజూ ఉండేవాడు ఒకడున్నాడు. సన్నగా, చొక్కా చేతులు మోచేతి కింద దాకా వేలాడేవి, అన్నది అయి ఉంటుంది. పేరు రాయను, ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. మేం సన్నోడు అనేవాళ్లం. వాడి దగ్గర ఎప్పుడూ డబ్బు ఉండేది కాదు, ఆ సంగతి ఎవరూ అనేవాళ్లు కారు. కాకపోతే డబ్బులిచ్చినవాడు ముందు కూర్చుంటాడు, ఇవ్వనివాడు క్యూలో మొదలవుతాడు. అది మాత్రం చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఆటలోకి దిగేటప్పుడు ఒక పేరు కొట్టుకోవాలి. పేరు కొట్టనివాడికి Player అని అదే పెట్టుకుంటుంది. అలాంటివాళ్లు ఇద్దరుంటే రెండోవాడు (1)Player అవుతాడు. వైరస్‌ల బాధ పడలేక నేను మెషీన్లలో డీప్ ఫ్రీజ్ వేశాను. రీస్టార్ట్ చేస్తే నిన్నటిదంతా తుడిచిపెట్టుకుపోయి మొదట ఎలా ఉందో అలా వస్తుంది. దాంతో పేర్లు కూడా పోయేవి. రోజూ నాలుగూ నలభైకి ఎనిమిది కీబోర్డుల మీద ఎనిమిది మంది పేర్లు కొట్టుకునే చప్పుడు, అదే నా షాపుకి హారతి గంట. సన్నోడు మాత్రం ఏ రోజూ పేరు కొట్టుకోలేదు. ఎవడో చచ్చిన కుర్చీలో కూర్చుని వాడి పేరు మీదే ఆడేవాడు. వాడు చంపినవన్నీ ఇంకొకడి లెక్కలో పడేవి.

కరెంటు పోయేది. పోతే నా కౌంటర్ మీదది తప్ప డబ్బా మానిటర్లన్నీ ఒక్కసారి టప్పుమని ఆరేవి, ఎనిమిది నోళ్లలోంచి "అబ్బా" అని ఒకే గొంతు. యూపీఎస్ నా కౌంటర్‌కి ఒక్కదానికే. పిల్లలు బయటికి వెళ్లిపోయేవాళ్లు, ఇళ్లకి కాదు, వీధిలోకి. అక్కడా అదే ఆట. పక్క ఇంటి అరుగు బాంబు పెట్టే చోటు, కరెంటు స్తంభం లాంగు, ఇటుకల కుప్ప వెనక ఒకడు. చేతిలో తుపాకీకి బదులు స్కేలు. బాంబు ఎవరిదో టిఫిన్ డబ్బా. ఒకడు గట్టిగా నలభై ఐదు లెక్కపెట్టేవాడు. కరెంటు వచ్చాక కూడా ఆ లెక్క అయ్యేదాకా లోపలికి వచ్చేవాళ్లు కారు. ఒకసారి ఒక మాస్టారు అటుగా వెళ్తూ ఆగి, "చంపుకునే ఆటలు నేర్పుతున్నావా?" అన్నారు. నేనేం చెప్పలేదు. ఆయన చిన్నప్పుడు దొంగా పోలీసూ ఆడలేదా అని అడగాలనిపించింది గానీ, ఆయన ఆ ఉదయమే నా దగ్గర టికెట్ తీయించుకుని వెళ్లారు.

ఇక ఎనిమిదో నంబరు సంగతి.

మొదట నాలుగు మెషీన్లతో షాపు పెట్టాను, ఆ నాలుగుకీ వైరింగ్ తెనాలి నుంచి వచ్చిన మనిషి చేశాడు. ఆరు నెలలకి ఇంకో నాలుగు కొన్నాను. కూలీ మిగుల్చుకుందామని, కేబుల్ చివర ప్లగ్గు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ కొని, ఐదు నుంచి ఎనిమిది దాకా కేబుళ్లు నేనే లాగి, ప్లగ్గులు నేనే కొట్టాను. టెస్టర్ పెట్టి చూస్తే ఎనిమిది తీగలకీ ఎనిమిది లైట్లు వరసగా వెలిగాయి. నెట్ వచ్చింది. ఇంకేం, ఇంజనీర్ని అయిపోయాననుకున్నాను.

కొన్ని వారాలకి పిల్లలు ఎనిమిదో నంబరు దగ్గరికి ఇష్టపడి వెళ్లడం మానేశారు. దానికి "శని కుర్చీ" అని పేరు పెట్టారు. ఎనిమిది శని నంబరు అంట. అక్కడ కూర్చున్నవాడు ముందు చస్తాడు అంట. నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఏడో నంబరు మీద కూడా అదే ఫిర్యాదు. ఎదుటివాడు నడుస్తూ నడుస్తూ మాయమై నాలుగడుగుల అవతల తేలతాడు, గురిపెట్టి కొట్టినా గుండు తగలదు, మనం గోడ వెనక్కి వచ్చేశాక చచ్చిపోతాం. Tab నొక్కితే వచ్చే పట్టికలో అందరి పేర్ల పక్కనా లేటెన్సీ, అంటే సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం, ఒక అంకెలో ఉంటే, ఎనిమిదోవాడిది ఉన్నట్టుండి వందలు దాటి దిగుతోంది.

మెషీన్ పాడైందనుకున్నాను. మూడో నంబరు సీపీయూ తీసి ఎనిమిదో చోట పెట్టాను, ఎనిమిదో దాన్ని మూడో చోట. జబ్బు మెషీన్‌తో రాలేదు, కుర్చీ దగ్గరే ఉండిపోయింది. స్విచ్‌లో పోర్టు మార్చాను. అక్కడే ఉంది. మిగిలింది కేబుల్. టెస్టర్ పెట్టాను. ఎనిమిది లైట్లు, వరసగా, శుభ్రంగా. కేబుల్ కూడా బాగానే ఉంది. అంటే నిజంగానే శని అయి ఉండాలి!

రాత్రి షాపు కట్టే ముందు ఎనిమిదో నంబరులో కూర్చుని, ముక్కలు పంపి జవాబులు వస్తున్నాయో లేదో చూసే పింగ్ ఇలా కొట్టాను.

```
ping 192.168.0.1 -t -l 1400
```

ఊరికే పింగ్ కొడితే వెళ్లేది చాలా చిన్న ముక్క, అది ఎలాగో దాటిపోతుంది. ఇలా 1400 బైట్ల పెద్ద ముక్క పంపితే దారిలో దెబ్బతినే అవకాశం ఎక్కువ. వరసగా నాలుగైదు జవాబులు, తర్వాత Request timed out, అంటే జవాబు రాలేదని. మళ్లీ ఆరు జవాబులు, మళ్లీ అదే. రోగం ఉందని తేలింది, ఎక్కడుందో తేలలేదు. ఇంతకాలం నెట్ కస్టమర్లకి తెలియలేదెందుకంటే, వెబ్ పేజీలో ఒక ముక్క పోతే కంప్యూటర్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, మన లైనే నత్త నడక కాబట్టి ఆ ఆలస్యం అందులో కలిసిపోతుంది. ఆటలో పోయిన ముక్క కోసం ఎవరూ ఆగరు. ఆ క్షణంలో ఎదుటివాడు ఎక్కడున్నాడో చెప్పే ముక్క పోతే పోయినట్టే.

మర్నాడు సాయంత్రం నా మొహం చూసి సన్నోడు దగ్గరికొచ్చాడు. వాడి వంతు ఇంకా రాలేదు.

"అన్నా, ఎనిమిదే కాదన్నా. ఆరో దాంట్లో కూడా ఉంది. కాకపోతే తక్కువ."

"ఆరో దాని గురించి ఎవరూ చెప్పలేదే?"

"వాళ్లకి తెలీదు. ఐదులో ఇంకా తక్కువ, ఎప్పుడో ఒకసారి తగుల్తుంది. ఒకటి నుంచి నాలుగు దాకా అసలు లేదు."

అప్పుడు వెలిగింది నాకు, కేబుల్ సంగతి కాదు, వీడి సంగతి. డబ్బులిచ్చినవాళ్లు మొదట ఇష్టమైన మెషీన్ చూసుకుని కూర్చుంటారు, చచ్చాకే క్యూలోకి వస్తారు. సన్నోడికి సొంత కుర్చీ లేదు. ఎవడు చస్తే వాడి చోట కూర్చోవాలి కాబట్టి, రోజూ అందరికన్నా ఎక్కువ మెషీన్లు తిరిగినవాడు వాడే. పైగా ఎనిమిదిలో కూర్చున్నవాడు అందరికన్నా ముందు చస్తాడు. కాబట్టి క్యూలో మొదటివాడికి దొరికేది ఎక్కువగా ఆ శని కుర్చీయే. నా షాపులో ఏ మెషీన్ ఎలా నడుస్తోందో నాకన్నా వాడికి బాగా తెలుసు.

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. వాడు చెప్పిన వరసని చీటీ మీద రాసుకున్నాను. స్విచ్ నా కౌంటర్ కింద ఉంది. ఐదుకి కేబుల్ పొట్టిది, ఎనిమిదిది గోడ చుట్టూ తిరిగి వెళ్లేది, అన్నిటికన్నా పొడవు. దూరం పెరిగేకొద్దీ రోగం పెరుగుతోంది. నాలుగూ నేను కొట్టిన కేబుళ్లే. తెనాలి మనిషికి ఫోన్ చేశాను.

"రంగులు ఏ వరసలో పెట్టావు?" అన్నాడాయన, అదొక్కటే.

"జతలు జతలుగానే పెట్టానండీ. ఆరెంజి తెలుపు, ఆరెంజి, పచ్చ తెలుపు, పచ్చ, నీలం తెలుపు, నీలం, గోధుమ తెలుపు, గోధుమ. రెండు వైపులా ఒకటే వరస."

ఆయన నవ్వాడు. "చూడ్డానికి ముచ్చటగా ఉంటుందయ్యా. కానీ అది తప్పు."

కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి చొప్పున మెలిపెట్టి ఉంటాయి, నాలుగు జతలు. మెలిక ఊరికే పెట్టరు. పక్క జతలోంచి వచ్చే అలజడి ఒక జతలో రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టుకుపోవడానికి. మా నెట్‌వర్క్ కార్డు ఒకటి, రెండు పిన్నుల మీద పంపుతుంది, మూడు, ఆరు పిన్నుల మీద తీసుకుంటుంది. మూడు, నాలుగు కాదు. మూడు, ఆరు. కాబట్టి పచ్చ జత నాలుగో చోటు, ఐదో చోటు నీలం జతకి వదిలిపెట్టి, దానికి అటూ ఇటూ కూర్చోవాలి. నేను ముచ్చటగా పెట్టిన వరసలో మూడో పిన్ను మీద పచ్చ తెలుపు, ఆరో పిన్ను మీద నీలం. రెండూ వేరే వేరే జతలు. మెలిక ఉండి కూడా లేనట్టే. తీగ ఈ చివర నుంచి ఆ చివరకి పోతోందా లేదా అనేది మాత్రమే టెస్టర్‌కి తెలుసు, దేనితో మెలిక పడి పోతోందో దానికి తెలియదు. అందుకే ఎనిమిది లైట్లూ వెలిగాయి. పొట్టి కేబుల్‌లో ఎలాగో నెట్టుకొచ్చేస్తుంది, పొడవు పెరిగితే దొరికిపోతుంది.

ఆదివారం పొద్దున సన్నోణ్ణి రమ్మన్నాను. నాలుగు కేబుళ్లు, ఎనిమిది చివర్లు. కేబుల్ మార్చక్కర్లేదు, ప్లగ్గులు కోసేసి కొత్తవి కొట్టడమే. నేను పైతొడుగు కోసి ఇస్తే వాడు తీగల మెలిక విప్పి, వేళ్ల మధ్య చదును చేసి వరస పెట్టేవాడు. ఆరెంజి తెలుపు, ఆరెంజి, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఆ నాసిరకం కేబుల్‌లో తెలుపు మీద చారలు ఎంత లేతగా ఉంటాయంటే, పచ్చ తెలుపో నీలం తెలుపో ట్యూబులైటు కింద తేడా తెలియదు. వాడు గుమ్మంలో ఎండలోకి వెళ్లి చూసుకుని, రెండు వేళ్లతో అలాగే బిగించి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నా దగ్గరికి నడిచి వచ్చేవాడు. నేను ప్లగ్గులోకి తోసి టూల్‌తో నొక్కేవాడిని. రెండు ప్లగ్గులు పాడు చేశాం. రెండూ నావే. మెలిక ఎంత దూరం విప్పకుండా ఉంటే అంత మంచిదని తెనాలి ఆయన చెప్పిన మాట వాడు నాకు మూడుసార్లు గుర్తు చేశాడు.

అయ్యాక ఎనిమిదో నంబరులో మళ్లీ అదే పింగ్ కొట్టి వదిలేశాం. ఇద్దరం టీ తాగి వచ్చేసరికి తెర నిండా జవాబులే. ఒక్క Request timed out లేదు. వాడు పైకీ కిందకీ స్క్రోల్ చేసి మొత్తం వెతికాడు, నా మాట నమ్మలేదు.

కూలీ ఇస్తే తీసుకోలేదు. "సాయంత్రం ఒక గంట ఇవ్వన్నా" అన్నాడు. ఇచ్చాను. సోమవారం నాలుగూ నలభైకి మిగతావాళ్లు వచ్చేసరికే ఎనిమిదో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "శనిలో కూర్చున్నావేంట్రా" అని నవ్వారు. వాడు పలక్కుండా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, తన పేరు కొట్టుకున్నాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పట్టికలో ఆ ఒక్క పేరే బారుగా ఉంది.

మొదటి రౌండులో ఇద్దర్ని కొట్టాడు. రెండో దాంట్లో ఒకణ్ణి. మూడో దాంట్లో చచ్చాడు. చావగానే కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. నేను కౌంటర్ దగ్గర నుంచే, "ఒరేయ్, అది నీ గంటరా, కూర్చో" అన్నాను. వాడు నా వంక వింతగా చూశాడు. క్యూలో మొదటివాడు అప్పటికే కూర్చుని మౌస్ అందుకున్నాడు, వాడికి ఆ కుర్చీ ఎవరి గంటో తెలియదు, చస్తే లేవాలి అంతే.

సన్నోడు వచ్చి నా స్టూలు పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఎనిమిదిలో కూర్చున్నవాడు బాంబు సైటు దగ్గర వరసగా ముగ్గుర్ని పడగొట్టాడు. షాపంతా గోల. ఒకటో నంబరులో ఎవడో Tab నొక్కితే పట్టిక వచ్చింది, అందరికన్నా పైన ఆ బారు పేరు. సన్నోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, చచ్చినోడు మాట్లాడకూడదు కదా. తర్వాత నా వైపు వంగి, చెవిలో చెప్పాడు.

"అన్నా, నా పేరు మీద ఆడుతున్నాడు."